ప్రమాద నివేదిక రాయడం – 4వ పాఠం: 'తప్పు' అనకుండా తప్పును చెప్పడం

పోయిన పాఠంలో సమయాలు, చోటు రాసుకున్నాం. ఈసారి కారణం గడి. సాధన కోసం ఎర్రగుంట్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీని ఊహించుకుందాం.

మధ్యాహ్నం 1:40కి ఎ-షిఫ్ట్ ఫిట్టర్ కన్వేయర్ టెయిల్ పుల్లీకి గ్రీజు పెట్టి, గార్డు తిరిగి బిగిస్తున్నాడు. నాలుగు బోల్టుల్లో రెండింటికి వాషర్లు లేవు. స్టోర్‌కు పోయాడు. రెండు గంటలకు షిఫ్ట్ మారింది. 2:20కి బి-షిఫ్ట్ ఆపరేటర్ బెల్టు నడిపాడు. 4:10కి గార్డు ఒరిగి, దాని అంచు రాసుకుని బెల్టు 40 సెంటీమీటర్లు చిరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మొదటి చిత్తులో చాలామంది రాసేది: "ఫిట్టర్ నిర్లక్ష్యం వల్ల బెల్టు చిరిగింది." ఈ మాట కొట్టేయండి. నిర్లక్ష్యం అంటే తెలిసీ పట్టించుకోకపోవడం. అతని మనసులో ఏముందో మీరు చూడలేదు, అది తేల్చాల్సింది విచారణ. 'తప్పు' కూడా వద్దు. మన ఊళ్ల పంచాయితీల్లో తప్పు కట్టడమంటే జరిమానా కట్టడమే. ఆ వాసన నివేదికలోనూ పోదు.

ఫిట్టర్‌ను అడిగితే "మతికి రాల్యా సార్" అన్నాడనుకోండి. చేయాలనుకున్న పని మధ్యలో జారిపోయింది. దాన్ని 'మరపు' అనండి. వాషర్లు ఉండి, కొలత సరిపోని బోల్టు బిగించి ఉంటే అది 'పొరపాటు', అంటే పని చేశాడు గానీ వేరుగా చేశాడు. ఆపరేటర్ సంగతి ఇంకోటి. గార్డు ఎదురుగానే ఉంది, రెండు బోల్టులు లేనిది కంటపడలేదు. అది 'గమనించకపోవడం'.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఇంగ్లీషు ఫారంలోని 'ఓవర్‌సైట్'ను తెలుగులో 'పర్యవేక్షణ లోపం' అని దింపుతారు. ఆ ఇంగ్లీషు మాటకు రెండర్థాలున్నాయి: కంటపడకపోవడం, పైనుండి చూసుకోవడం. రెండోది పట్టుకుంటే నింద ఆపరేటర్‌ను దాటి, సంబంధమే లేని ఫోర్‌మన్ మీద పడుతుంది. 'దృష్టిలోపం' అని రాస్తే కంటి పరీక్షకు పంపుతారు.

'లోపం' అనే మాటను మనిషికి కాక వస్తువుకో, పద్ధతికో వాడండి. ఇక్కడ షిఫ్ట్ అప్పగింత రిజిస్టర్‌లో 'సగంలో ఉన్న పనులు' అనే గడి లేదు. అది లోపం.

మార్చి రాస్తే:

"ఎ-షిఫ్ట్ ఫిట్టర్ గార్డుకు రెండు బోల్టులు బిగించి, వాషర్ల కోసం స్టోర్‌కు వెళ్లాడు. మిగిలిన రెండు బిగించడం మరిచానని చెప్పాడు. రిజిస్టర్‌లో సగంలో ఉన్న పనులకు గడి లేదు. బెల్టు నడిపే ముందు బి-షిఫ్ట్ ఆపరేటర్ గార్డు వదులుగా ఉన్నది గమనించలేదు."

"బోల్టులు బిగించబడలేదు" అని మాత్రం రాయకండి. నింద పోతుంది గానీ, దాంతోపాటే ఎవరి దగ్గర పని ఆగిందో కూడా పోతుంది. పేరు బదులు హోదా రాస్తే చాలు.

అభ్యాసం: ఆపరేటర్ గార్డు వదులుగా ఉన్నది చూసి, "సాయంత్రం బిగిద్దాంలే" అని బెల్టు నడిపి ఉంటే మరపు, పొరపాటు, గమనించకపోవడం, లోపం అనే నాలుగు మాటల్లో ఏదీ సరిపోదు. ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.