ఉద్యోగ లేఖలు, 6వ పాఠం: చదువు కోసం మానేస్తున్న నర్సు రాజీనామా

పోయిన పాఠంలో సెలవు చీటీ రాశాం. ఈసారి రాజీనామా. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న అమ్మాయికి ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది, జులై 7న కాలేజీలో చేరాలి అనుకుందాం.

ముందు అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి చూడాలి. నోటీసు గడువు, బాండు ఏదైనా ఉంటే అందులోనే ఉంటాయి. ఈమెకు బాండు లేదు, 30 రోజుల నోటీసు ఉంది. జూన్ 2న లేఖ ఇచ్చి, మర్నాటి నుంచి లెక్కపెడితే 30వ రోజు జులై 2. నర్సులకు చిక్కు ఇక్కడే. ఆ రోజు నైట్ పడితే డ్యూటీ దిగేసరికి జులై 3 తెల్లవారుతుంది. అటెండెన్సులో ఒక తేదీ, రిలీవింగ్ లెటర్‌లో ఇంకో తేదీ పడితే మళ్లీ దిద్దించుకోలేక తిరగాలి. అందుకే లేఖలోనే పగటి డ్యూటీ అని రాసేస్తాం. రోస్టర్ వేసే ఇన్‌ఛార్జి సిస్టర్‌కీ ముందే చెప్పుకోవాలి.

> తేదీ: 2-6-2025
>
> మెడికల్ సూపరింటెండెంట్ గారికి,
> (నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ద్వారా)
>
> విషయం: రాజీనామా
>
> అయ్యా,
>
> నేను 3-7-2023 నుంచి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరుతున్నందున ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. 30 రోజుల నోటీసు ప్రకారం 2-7-2025 పగటి డ్యూటీ ముగిశాక నన్ను రిలీవ్ చేయగలరు. నా వద్ద ఉన్న స్టాకు, తాళాలు ఆలోగా అప్పగిస్తాను. రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, మీ వద్ద ఉన్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పించగలరని ప్రార్థన.
>
> ఇట్లు,
> సంతకం, పేరు, ఉద్యోగి నంబరు

కారణం ఒక్క ముక్కలో తేలిపోయింది చూడండి. జీతం చాలదన్నదీ, నైట్లు ఎక్కువన్నదీ నిజమే కావచ్చు. కానీ ఈ కాగితం ఫైల్లో ఉండిపోతుంది, ధ్రువపత్రం మీద సంతకం పెట్టేదీ వాళ్లే. "వీలైనంత త్వరగా రిలీవ్ చేయండి" అని మాత్రం రాయకండి. తేదీ లేకపోతే ఆ వీలు వాళ్లదవుతుంది.

సీటు కోసం ముందే ఒక సర్వీసు సర్టిఫికెట్ తీసుకుని ఉంటుంది కదా, మళ్లీ ఎందుకు? అందులో మానేసిన తేదీ ఉండదు. రేపు ట్యూటర్ ఉద్యోగానికి వెళ్తే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ వార్డులో చేశారో అడుగుతారు.

స్టాకు అప్పగింత నోటిమాటగా వద్దు. క్రాష్ కార్టులో మందులు, పరికరాలు ఇన్వెంటరీ పుస్తకం ప్రకారం లెక్కచూపి, తీసుకున్న సిస్టర్ చేత అందులోనే సంతకం పెట్టించాలి. లేకపోతే తర్వాత తగ్గిన పల్స్ ఆక్సీమీటర్ మీ లెక్కలోకి రావచ్చు.

లేఖ రెండు ప్రతులు తీయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీతో స్టాంపు వేయించుకోండి. నోటీసు లెక్కకు ఆధారం ఆ స్టాంపే.

అభ్యాసం: స్టాంపు జూన్ 5న పడిందనుకోండి. చివరి తేదీ మార్చి లేఖ తిరగరాయండి. ఈ తేదీతో జులై 7కి కాలేజీలో చేరగలదా?