కాలిన మోటారుకు వారంటీ రాదని గొడవ లేకుండా చెప్పడం: నా అనుభవం

మాది ఒంగోలులో మోటార్ల షాపు. వారంటీలో ఉన్న బోరు మోటారు కాలిపోయి వస్తే, "రాదు" అనగానే గొడవే. కంపెనీ మీదకు నెట్టాను, రేపు రమ్మన్నాను, కార్డు చేతికిచ్చి చదువుకోమన్నాను, ఏదీ పనిచేయలేదు.

మొన్న ఒక రైతు త్రీఫేజ్ మోటారు తెచ్చాడు. ఆయన ముందే విప్పించాను. రెండు ఫేజుల చుట్లు నల్లగా మాడాయి, మూడోది కొత్త రాగిలా మెరుస్తోంది. ఆయన్నే వేలు పెట్టి చూడమన్నాను. తర్వాత మొదటి మాటే తేల్చి చెప్పాను: "అన్నా, దీనికి వారంటీ రాదు. లైన్లో ఒక ఫేజు పోయినా మోటారు తిరిగింది, లోడంతా మిగతా రెండిటి మీద పడింది. కరెంటు తేడాతో కాలితే వర్తించదని కార్డులో ఉంది, ఇదిగో." తప్పు మీదేనని మాత్రం అనలేదు. ఫేజు పోవడం ఆయన చేతుల్లో లేదు కదా!

ఆ వెంటనే కాగితం మీద రెండు ధరలు రాశాను: రీవైండింగ్, లేదా పాతది తీసుకుని కొత్త మోటారు. ఏది ఎంచుకున్నా, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను స్టార్టర్‌కు పెట్టించుకోమన్నాను. కాసేపు గొణిగి రీవైండింగే చేయించుకున్నాడు.

రెండు మాడి ఒకటి బాగుండే ఈ గుర్తు, లోపలి చుట్లను స్టార్ కనెక్షన్‌లో కలిపిన మోటారుకే. డెల్టా కనెక్షన్‌లో మామూలుగా ఒక ఫేజే మాడుతుంది. మూడూ మాడితే కారణం వేరు, ఇంత తేలిగ్గా చూపించలేం.