డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు నీళ్ల లెక్క: ఒక సీసా చిట్కా

రోజుకు ఎనిమిది గ్లాసులు తాగాలనే మాట అందరికీ వర్తించదు. 1945లో అమెరికాలో రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు కావాలని రాసిన పోషకాహార నిపుణులే, అందులో ఎక్కువ భాగం తిండిలోంచే వస్తుందనీ రాశారు. ఆ వాక్యం ఎవరికీ గుర్తులేదు! ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దాహమే మంచి కొలత. ఎండలో పనిచేసేవాళ్లు మాత్రం దాహం కోసం ఆగకూడదు.

మా బాబాయికి డయాలసిస్. ఆయనకు డాక్టర్ చెప్పిన లెక్క: నిన్న వచ్చిన మూత్రం, దానిమీద 500 మి.లీ. మూత్రం 300 వస్తే ఇవాళ్టికి మొత్తం 800. పిన్ని పొద్దున్నే సీసాలో 800 నీళ్లు పోసి పెడుతుంది. ఆయన 100 మి.లీ. టీ తాగితే సీసాలోంచి 100 వంపేస్తుంది. మజ్జిగ, చారు, ఐస్‌ముక్క, మాత్రలతో తాగే గుక్క కూడా లెక్కే. మిగిలిందే ఆయన వాటా.

అసలు దాహం పెంచేది ఉప్పు. ఆవకాయ, అప్పడం మానితే సీసా సాయంత్రం దాకా వస్తుంది. రోజూ పొద్దున ఒకే వేళకు బరువు చూడండి. ఒక్కరోజులో కిలో పెరిగితే దాదాపు లీటరు నీరు ఒంట్లో నిలిచినట్టే. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కిడ్నీ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా నీళ్లు తగ్గించకండి. రాళ్లున్నవాళ్లకైతే ఎక్కువే తాగమంటారు.