ఆడ్స్ నుంచి శాతం తీస్తే లెక్క తేడా వస్తోందా?

ఒక టెన్నిస్ మ్యాచ్‌లో మొదటి ప్లేయర్ గెలుపు మీద పందెం ధర, అంటే ఆడ్స్, ఒక చోట 1.80, మరో చోట 4/5, ఇంకో చోట -125 అని ఉందనుకుందాం. రెండో ప్లేయర్‌కి 2.10, 11/10, +110. రాసే తీరు వేరైనా ధర ఒకటే కాబట్టి మూడింటి నుంచీ ఒకే గెలుపు శాతం రావాలి.

సమస్య: 1.80 నుంచి 55.56 శాతం వచ్చింది, 4/5 నుంచి మాత్రం 80 వస్తోంది

కారణం: 4/5ని మామూలు భిన్నంలా చదివేశారు. ఈ బ్రిటన్ పద్ధతిలో పైన ఉన్నది లాభం, కింద ఉన్నది పందెం. 5 పౌండ్లు పెట్టి గెలిస్తే 4 పౌండ్ల లాభంతో పాటు పెట్టిన 5 కూడా తిరిగి వస్తాయి. 1.80 లాంటి డెసిమల్ ధరలో పెట్టిన సొమ్ము ముందే కలిసి ఉంటుంది.

పరిష్కారం: కింది అంకెను రెండు అంకెల మొత్తంతో భాగించాలి. డెసిమల్ అయితే 1ని ఆ ధరతో భాగిస్తే చాలు.

```
5 / (4 + 5) = 0.5556
1 / 1.80    = 0.5556
```

2015-16 సీజన్‌కి ముందు ఫుట్‌బాల్ జట్టు లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలుస్తుందంటే 5000/1 ఇచ్చారు. అంటే 5001లో 1, సుమారు 0.02 శాతం. గెలిచింది కూడా!

సమస్య: అమెరికన్ ఆడ్స్‌లో -400 శాతం లాంటి వింత జవాబు

కారణం: ప్లస్‌కి వాడే సూత్రంలో -125ని గుర్తుతో సహా వేశారు. +110 అంటే 100 డాలర్లు పెడితే 110 లాభం. -125 అంటే 100 లాభం కోసం 125 పెట్టాలి. రెండింటికీ లెక్క వేరు.

పరిష్కారం: మైనస్ ఉంటే ఏ సూత్రమో చూసుకుని, ఆ తర్వాతే గుర్తు తీసేయండి.

```
-125: 125 / (125 + 100) = 0.5556
+110: 100 / (110 + 100) = 0.4762
```

గుర్తు మరిచిపోయి +125గా లెక్కేస్తే 44.44 వస్తుంది. ఇదే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి సరైన జవాబులాగే ఉంటుంది. మైనస్ ధరకి 50 కంటే తక్కువ వచ్చిందంటే లెక్క తప్పినట్టే. -110కి 52.38, దాన్నే 1.91గా రాస్తే 52.36 రావడం మాత్రం దశాంశాలు సవరించడం వల్లే. దానికి టెన్షన్ అక్కర్లేదు.

సమస్య: ఇద్దరి శాతాలు కలిపితే 103.18

కారణం: ఇది మీ తప్పు కాదు. 100కి పైన ఉన్న 3.18 పందేలు తీసుకునే బుక్‌మేకర్ ధరలో కలుపుకున్న మార్జిన్.

పరిష్కారం: ఒక్కో శాతాన్నీ మొత్తంతో భాగించండి.

```
55.56 / 103.18 = 0.5385
47.62 / 103.18 = 0.4615
```

ఇది మార్జిన్‌ను అందరికీ అదే నిష్పత్తిలో పంచేస్తుంది. గుర్రప్పందాల్లో గెలిచే ఆశ తక్కువున్న గుర్రాల మీదే ఎక్కువ మార్జిన్ పడుతుంటుంది కాబట్టి, వాటికి ఈ లెక్క చూపే శాతం అసలు కంటే కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఒకే బుక్‌మేకర్ ధరల మొత్తం 100 కంటే బాగా తక్కువ వస్తే, ఏదో ఫలితాన్ని వదిలేశారేమో చూడండి. ఫుట్‌బాల్‌లో అయితే అది సాధారణంగా డ్రానే.