ఎండాకాలంలో కారు బ్యాటరీ మారుస్తున్నారా? ముందు షాపువాళ్లను స్కానర్ ఉందా అని అడగండి

రోహిణి కార్తె వచ్చేలోపే బ్యాటరీ మార్పించుకోవడం మంచిదే. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు అవి త్వరగా నీరసిస్తాయి. అయితే బీఎండబ్ల్యూ, ఆడి లాంటి చాలా కార్లలో కొత్త బ్యాటరీ బిగిస్తే సరిపోదు, ఆ సంగతి కంట్రోల్ యూనిట్‌లో స్కానర్‌తో నమోదు చేయాలి. దాన్నే బ్యాటరీ రిజిస్ట్రేషన్ అంటారు. మీ కారుకు అది అవసరమో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. నెగటివ్ టెర్మినల్ మీద సన్నటి వైరుతో చిన్న సెన్సర్ కనిపిస్తే తప్పకుండా కనుక్కోవాల్సిందే.

పాత బ్యాటరీ ఎంత అరిగిందో కారు గుర్తుపెట్టుకుని, దాన్నిబట్టే ఛార్జింగ్ నడుపుతుంది. లెక్క కోసం, 90 ఏహెచ్ సామర్థ్యమున్న బ్యాటరీ అరిగి 60కి వచ్చిందని నమోదై ఉందనుకోండి. అందులో 80 శాతం నింపితే చాలనుకుంటే కారు 48 దగ్గరే ఆపేస్తుంది. కొత్త 90కి అది సగమే. సగం ఛార్జింగ్‌తో నెలల తరబడి నడిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కొత్త బ్యాటరీ కూడా పాడవుతుంది.

కావలిలో మా బావగారి కారుకు ఇదే జరిగింది. కొన్నాళ్లకే స్టార్ట్-స్టాప్ పనిచేయడం మానేసింది, పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరిగేది. బ్యాటరీలోనే లోపమని షాపువాళ్లు మార్చబోయారు. స్కానర్ పెడితే పాత బ్యాటరీ వివరాలే ఉన్నాయి. పైగా స్టార్ట్-స్టాప్ కార్లకు వాడే ఏజీఎం రకమే అయినా, పాతది 90 ఏహెచ్, పెట్టింది 80 ఏహెచ్. అలా సైజు మారినప్పుడు రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు, కొత్త ఏహెచ్‌ను కోడింగ్‌లో మార్చాలి. ఆ రెండూ చేసి, ఛార్జర్‌తో పూర్తిగా నింపాక కారు మామూలైంది. నన్నడిగితే అదే రకం, అదే ఏహెచ్ కొనడమే మేలు. ఏజీఎం ఉన్నచోట మామూలు బ్యాటరీ వద్దు.

బిగించే ముందు కొత్తదాని వోల్టేజ్ చూడండి. 12.7 కంటే తక్కువుంటే షాపులోనే ఛార్జ్ చేయించండి. కారు దాన్ని నిండు బ్యాటరీగానే నమోదు చేసుకుంటుంది మరి. బ్యాటరీ డిక్కీలో ఉంటే, పని అయ్యేదాకా డిక్కీ మూయకండి. కరెంటు లేకపోతే లాక్ తెరుచుకోదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. డిక్కీలో బ్యాటరీకి ఉండే గ్యాస్ పైపును మళ్లీ తగిలించారో లేదో మీరే వంగి చూడండి. అది వదిలేస్తే హైడ్రోజన్ కారు లోపలికే వస్తుంది.

ఇంట్లో ఛార్జర్ పెట్టేటప్పుడు నెగటివ్ క్లిప్పును నేరుగా బ్యాటరీకి కాకుండా బానెట్ కింద బాడీ పాయింట్‌కు తగిలించండి. అప్పుడే సెన్సర్ ఆ కరెంటును లెక్కలోకి తీసుకుంటుంది.

డబ్బులిచ్చే ముందు రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు స్కానర్ తెర మీద చూపించమనండి. వారం తిరిగాక కారు లాక్ చేసి, నాలుగు గంటలు కదపకుండా ఉంచి మీటర్ పెట్టండి. 12.5 పైన ఉంటే ఛార్జింగ్ సరిగానే అందుతోంది. 12.2కి దిగితే మళ్లీ స్కానర్ దగ్గరికే వెళ్లాలి.