వానలు మొదలయ్యేలోపే ఇంట్లోని పాత ఫోన్ తీగ చూసుకోండి

రాగి తీగ మీద డీఎస్ఎల్ నెట్ వాడే ఇళ్లు వరంగల్, హనుమకొండ, కాజీపేట పాత కాలనీల్లో ఇంకా ఉంటే, మృగశిర రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఎండాకాలంలో మెల్లగానైనా నడిచిన లైన్ తొలకరికి పదేపదే తెగుతుంటే చాలామంది ఎక్స్ఛేంజీని తిడతారు. తప్పు తరచుగా మన గోడ లోపలే ఉంటుంది.

ఒకే తీగలో మాట 4 కిలోహెర్ట్జ్ లోపు నడుస్తుంది, నెట్ సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి పైకి నడుస్తుంది. డీఎస్ఎల్‌లో వేగం ఎక్కువుండే రకం ఏడీఎస్ఎల్2ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. మైక్రోఫిల్టర్ చేసే పనల్లా పై పౌనఃపున్యాలు ఫోన్‌లోకి పోకుండా, ఫోన్ వాటిని మింగేయకుండా ఆపడమే. అందుకే ఫోన్, ఫ్యాక్స్, కార్డ్‌లెస్ బేస్, కాలర్ ఐడీ డబ్బా ప్రతి ఒక్కదానికీ ఫిల్టర్ కావాలి. మోడెమ్‌కి మాత్రం పెట్టకూడదు. ఒకే లైన్‌ని ఫోన్‌కీ మోడెమ్‌కీ విడదీసే స్ప్లిట్టర్‌లో ఫోన్ అని రాసి ఉన్న రంధ్రంలో మోడెమ్ పెడితే లైన్ అసలు పట్టదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది మూలకు వదిలేసిన తీగ సంగతి. ఒకప్పుడు మేడ మీది గదికి ఎక్స్‌టెన్షన్ లాగారు, ఫోన్ తీసేశారు, తీగ మాత్రం ముందు గది గోడ మీద ఫోన్ తీగలు కలిపే రోజెట్ డబ్బాలో అలాగే జతగా బిగించి ఉంది. నెట్ సిగ్నల్ ఆ తీగలోకి కూడా పోయి, ఖాళీ చివర తగిలి వెనక్కి వస్తుంది. ఆ తిరిగొచ్చినది కొన్ని పౌనఃపున్యాల దగ్గర అసలు సిగ్నల్‌ని రద్దు చేస్తుంది. 25 మీటర్ల తీగకి సిగ్నల్ పడిపోయే ఆ గుంట దాదాపు 2 మెగాహెర్ట్జ్ దగ్గర, 50 మీటర్లకి 1 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే తీగ పొడవైన కొద్దీ నష్టం నెట్ వాడే పౌనఃపున్యాల పట్టీ మధ్యలోకి వస్తుంది. ఆ ఖాళీ చివర ఫిల్టర్ తగిలించినా లాభం లేదు, తీగ తీగలాగే ఉంటుంది. ఇక వానలు పడితే ఆ డబ్బాలో తేమ చేరి రాగి పచ్చబడుతుంది, రెండు పోగుల మధ్య కరెంటు కారుతుంది.

పరీక్ష సులువు. మోడెమ్ పేజీ (చాలావాటిలో 192.168.1.1) తెరిచి డౌన్‌స్ట్రీమ్ వేగం, గోల కంటే సిగ్నల్‌కి ఎంత మిగులుందో చెప్పే `SNR Margin`, తప్పుల లెక్క చెప్పే `CRC Errors` రాసుకోండి. తర్వాత ఇంట్లోకి తీగ వచ్చే మొదటి రోజెట్ దగ్గరికి మోడెమ్‌ని తీసుకెళ్లండి. లోపలికి పోయే ఎక్స్‌టెన్షన్ జతలన్నీ విప్పి, బయటి జత ఒక్కటే ఉంచి, చిన్న తీగతో మోడెమ్ పెట్టి మళ్లీ చూడండి. మేడ గదిలో 3 ఎంబీపీఎస్, మార్జిన్ 5 డీబీ ఉండి, ఇక్కడ 6 ఎంబీపీఎస్, 9 డీబీ వచ్చిందనుకోండి, ఆ తేడా అంతా మీ ఇంటి తీగదే. రెండుచోట్లా ఒకేలా ఉంటే గోడ తవ్వకండి, లోపం బయట ఉంది. లైన్‌మ్యాన్‌ని పిలిచి స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ తీగ, వీధిలో తీగలు పంచే డీపీ డబ్బా అతుకులు చూడమనండి.

తేడా కనిపిస్తే, మొదటి రోజెట్ దగ్గరే ఒక స్ప్లిట్టర్ పెట్టండి. బయటి జత దాని లైన్ వైపుకి, ఇంట్లోని పాత ఎక్స్‌టెన్షన్లన్నీ ఫోన్ వైపుకి. ఇలా చేస్తే పాత తీగ మొత్తం నెట్‌కి కనిపించకుండా పోతుంది, లోపలి ఫోన్లకి విడి ఫిల్టర్లు అక్కర్లేదు. మోడెమ్ వైపు నుంచి మేడ గదికి క్యాట్5 కేబుల్‌లో ఒకే మెలి జత, నీలం, నీలం-తెలుపు, లాగండి. బజారులో దొరికే చదునైన పొడవాటి ఫోన్ తీగలో మెలి ఉండదు, ట్యూబ్‌లైట్ చోక్ గోల కూడా పట్టుకుంటుంది. ఎవరూ వాడని ఎక్స్‌టెన్షన్‌ని రెండు పోగులూ విప్పి పూర్తిగా తీసేయడమే నయం.

ఫోన్ మోగగానే నెట్ పడిపోతుందా? ఇంట్లో ఫోన్లన్నీ తీసి, మొదటి డబ్బా దగ్గర ఫిల్టర్‌తో ఒకే ఫోన్ పెట్టి సెల్ నుంచి కాల్ చేయండి. ఇప్పుడు పడకపోతే ఎక్కడో ఫిల్టర్ లేదు లేదా చెడింది. ఇంకా పడితే అతుకు తుప్పు పట్టి ఉండొచ్చు. పచ్చబడిన చివరని ఓ అంగుళం కత్తిరించి, మెరిసే రాగి కనపడేలా ఒలిచి మళ్లీ బిగించండి. వరండాలో డబ్బా ఉంటే తీగ కింది వైపు నుంచి లోపలికి రావాలి, పైనుంచి వస్తే నీళ్లు దాని వెంటే దిగుతాయి.

లైన్‌లో మామూలుగా 48 వోల్టులు, మోగేటప్పుడు 75 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది. తడి చేతులతో విప్పకండి. ఉరుము వినపడితే డబ్బా జోలికే పోవద్దు, తీగలు అసలు తాకొద్దు. ఫిల్టర్ పిడుగుని ఆపదు, మబ్బు పట్టగానే మోడెమ్ లైన్ తీగ, అడాప్టర్ రెండూ తీసేయండి.