ప్రింటర్‌లో దీపం కూడా వెలగకపోతే

పిడుగులు పడిన మరునాడు మీట నొక్కినా ప్రింటర్ దీపం వెలగకపోతే, ముందుగా దాని ప్లగ్గును, వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ నుండి తీసి, ఫోన్ ఛార్జర్‌తో పరీక్షించి కరెంటు వస్తున్నట్లు తేల్చుకున్న గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి చూడండి. అప్పుడు వెలిగితే లోపం ప్రొటెక్టర్‌దే కాబట్టి దానిని మార్చాలి. వెలగకపోతే ప్లగ్గు తీసేసి, ప్రింటర్ వెనుక వైరు వదులైందేమో చూసి, గట్టిగా అమర్చి మళ్ళీ ప్రయత్నించండి.

విడి అడాప్టర్ ఉన్న రకమైతే, లేబుల్‌పై ఉన్న వోల్టేజీ, పిన్ను ధ్రువాల గుర్తు అచ్చంగా కలిసి, ఆంపియర్లు తగ్గని మరో అడాప్టర్‌తోనే పరీక్షించాలి. పిన్ను సరిపోయిందని ఏదో ఒకటి పెడితే ప్రింటర్ లోపల బాగున్న సర్క్యూట్ బోర్డు కూడా కాలిపోవచ్చు.

కాలిన వాసన వస్తే అక్కడితో ఆపండి. లోపలి ఫ్యూజు కోసం మాత్రం మూత విప్పకండి, ఎందుకంటే ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పైగా ఫ్యూజు కాలిందంటే సాధారణంగా దాని వెనుక మరో భాగం చెడిపోయి ఉంటుంది కనుక, ఆ పని మరమ్మతు తెలిసినవారికే అప్పగించండి.